జీరో బీర్లు రెండు తెచ్చా: ఒకదానికి హార్లిక్స్ వాసన, ఇంకోటి ఖాళీ. ఎందుకిలా?

రమణ_కాకినాడ

లివర్ రిపోర్టు చూసి డాక్టర్ గారు ఆర్నెల్లు మందు ముట్టుకోవద్దన్నారు. మానేశాను, దాని గురించి టెన్షన్ లేదు. కానీ శనివారం సాయంత్రం చేతిలో చల్లటి గ్లాసు లేకపోతే ఏదో వెలితిగా ఉంటోంది. అందుకని 0.0 అని రాసున్న బీర్లు రెండు కంపెనీలవి తెచ్చాను. పేర్లు వద్దులెండి. ఒకటి పొడుగు డబ్బా, ఇంకోటి పొట్టి డబ్బా.

పొడుగు డబ్బా గ్లాసులో పోయగానే హార్లిక్స్ సీసా మూత తీసినట్టు వాసన. దాని వెనకాలే ఉడికించిన బంగాళాదుంప వాసన కూడా. తాగితే తీపి, ఆ తీపి చాలాసేపు నాలుకను వదల్లేదు. పొట్టి డబ్బాకి ఈ గొడవేం లేదు. నురగ ఉంది, చేదు ఉంది, కానీ మధ్యలో ఏమీ లేదు. సోడాలో చేదు పిండినట్టుంది.

రెండూ ఆల్కహాల్ లేని బీర్లే కదా. ఒకే వస్తువు తీసేస్తే రెండు వేర్వేరు జబ్బులు ఎందుకొచ్చాయి?

గోదారి_కుర్రాడు

సింపుల్ అన్నా. మామూలు బీరే తయారుచేసి వేడిచేస్తారు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్లు 100కి. 80 దగ్గర కాసేపు ఉంచితే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతుంది, మిగతావన్నీ అలాగే ఉంటాయి. పొడుగు డబ్బావాడు మంట ఎక్కువ పెట్టుంటాడు, అందుకే ఆ ఉడుకు వాసన.

తాటివనం

వీటికోసం అంత డబ్బు ఎందుకండీ? మన నీరా ఉంది కదా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్‌లో తాగండి. అది కూడా ఆల్కహాల్ లేని కల్లేగా.

మ్యూనిక్_మురళి

తాటివనం గారూ, నీరా మంచిదే కానీ అది అసలు పులవని తాటి రసం. కల్లు అయ్యాక ఆల్కహాల్ తీసేసింది కాదు. అయితే మీరు తెలియకుండానే రమణ గారి ప్రశ్నలో సగానికి జవాబిచ్చారు. ఆయన పొడుగు డబ్బా కూడా దాదాపు నీరాలాంటిదే, పులవకుండా ఆపేసిన సరుకు.

నేను బవేరియాలో ఒక బ్రూవరీలో పన్నెండేళ్లుగా సెల్లార్ పని చూస్తున్నాను. ఆల్కహాల్ లేని బీరుకి దారులు రెండు. ఆల్కహాల్ పుట్టకుండానే చూసుకోవడం ఒకటి, పుట్టాక తీసెయ్యడం రెండోది. పొడుగు డబ్బా మొదటి దారిలో, పొట్టి డబ్బా రెండో దారిలో వచ్చాయని నా అనుమానం. జబ్బు చూస్తే దారి తెలిసిపోతుంది.

మొదటి దారి చూడండి. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాల్ట్ అంటాం, దాన్ని నానబెట్టి తీసిన తీపి నీళ్లని వోర్ట్ అంటాం. వోర్ట్‌ని హాప్స్ అనే చేదు పువ్వులతో మరిగించేటప్పుడు, అంతకుముందు మాల్ట్‌ని ఆరబెట్టేటప్పుడు కూడా, ఆల్డిహైడ్లు అనే వాసన పదార్థాలు పుడతాయి. మీకు తగిలిన హార్లిక్స్ వాసన, బంగాళాదుంప వాసన వాటివే. ప్రతి బీరూ ఆ వాసనతోనే మొదలవుతుంది. మామూలు బీరులో ఈస్ట్ పని మొదలెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే వాటిలో చాలావరకు మార్చేస్తుంది. మార్చాక మిగిలేవాటి వాసన ముక్కుకి దాదాపు తెలియదు. ఆల్కహాల్ రాకూడదని ఈస్ట్‌ని మధ్యలో ఆపేస్తే ఈ శుభ్రం చేసే పని కూడా మధ్యలోనే ఆగిపోతుంది. కాబట్టి కుర్రాడు అన్నట్టు మంట ఎక్కువై కాదు, ఈస్ట్ పని తక్కువై వచ్చిన వాసన అది.

రమణ_కాకినాడ

అంటే తీపి కూడా అందుకేనా? ఈస్ట్ తినకుండా వదిలేసిన చక్కెరా?

మ్యూనిక్_మురళి

అవును. ఇక్కడ చాలామంది వాడే పద్ధతి ఒకటి చెబుతాను, లెక్క సులువు. సాకరోమైకోడీస్ లుడ్విగీ అని ఒక ఈస్ట్ ఉంది. దానికి గ్లూకోజ్, ఫ్రక్టోజ్, మామూలు పంచదార మాత్రమే అరుగుతాయి. వోర్ట్‌లో ఎక్కువగా ఉండే మాల్టోస్‌ని అది ముట్టుకోదు. మామూలు బీరుకంటే పలచటి వోర్ట్ తీసుకుంటాం, లీటరుకి 70 గ్రాముల చిల్లర కరిగిన పదార్థం ఉండేలా. అందులో ఈ ఈస్ట్ తినగలిగేది సుమారు 8 గ్రాములు. తిన్న చక్కెరలో బరువు ప్రకారం సగం ఆల్కహాల్ అవుతుంది, సగం గ్యాస్ అవుతుంది. అంటే లీటరుకి 4 గ్రాములు, అది సుమారు అరశాతం. తినేది అయిపోయింది కాబట్టి ఈస్ట్ తనంతట తానే ఆగుతుంది. మిగతా 60 గ్రాముల పైచిలుకు గ్లాసులోనే ఉంటుంది.

0.0 కావాలంటే ఈ అరశాతం కూడా పనికిరాదు. అప్పుడు వోర్ట్‌ని సున్నా డిగ్రీల దగ్గరికి చల్లార్చి, అందులో బోలెడంత ఈస్ట్ కలిపి కొన్ని రోజులు ఉంచుతారు. ఆ చలిలో ఈస్ట్ చక్కెర తినడం దాదాపు మానేస్తుంది కానీ ఆల్డిహైడ్లని మాత్రం మెల్లగా మారుస్తూనే ఉంటుంది. ఓపికగా చేస్తే బాగానే వస్తుంది. తొందరపడితే పొడుగు డబ్బా.

సుజాత_నెల్లూరు

మా మామగారికి షుగర్. బీరు మానేశాక ఆయన రోజూ ఇలాంటి డబ్బా ఒకటి తాగుతున్నారు, ‘ఆల్కహాల్ లేదు కదా, ఏం కాదు’ అంటారు. మీరు చెప్పేది వింటుంటే భయమేస్తోంది.

మ్యూనిక్_మురళి

సుజాత గారూ, డబ్బా వెనక 100 మి.లీ.కి కార్బోహైడ్రేట్ ఎంతో చూడండి. ఆపేసిన రకమైతే 5, 6 గ్రాములు ఉంటుంది. తీసేసిన రకం, పైన తీపి ఏమీ కలపకపోతే, అందులో సగం దగ్గర ఉంటుంది. 330 మి.లీ. డబ్బాకి మొదటి రకంలో సుమారు 20 గ్రాములు లోపలికి పోతాయి. అందులో ఎక్కువ భాగం మాల్టోస్, అంటే రెండు గ్లూకోజ్‌లు చేతులు పట్టుకుని నిలబడ్డట్టు. షుగర్ పెరగడానికి అది చాలు. ఆ అంకె రాసుకుని వెళ్లి డాక్టర్‌కి చూపించండి.

రమణ_కాకినాడ

ఇప్పుడే చెత్తబుట్టలోంచి తీసి చూశాను (ఇంట్లో వాళ్లు వింతగా చూశారు). పొడుగు డబ్బా 6.4, పొట్టి డబ్బా 3.1. మురళి గారూ, దండం.

గోదారి_కుర్రాడు

సరే, పొడుగు డబ్బా విషయంలో ఓడిపోయాను. పొట్టి డబ్బా మాత్రం నేను చెప్పినట్టు వేడిచేసిందేగా? మరి రుచి ఎందుకు పోయింది? బీరులో పళ్ల వాసన ఇచ్చేవాటిలో ముఖ్యమైనది ఐసోఅమైల్ ఎసిటేట్ అట, అరటిపండు వాసన. దాని మరిగే ఉష్ణోగ్రత చూశాను, 142 డిగ్రీలు. ఆల్కహాల్ 78కి పోతే 142ది ఎక్కడికి పోతుంది? లాజిక్ ప్రకారం ఉండాలి.

మ్యూనిక్_మురళి

మంచి ప్రశ్న. మా దగ్గరికి కొత్తగా చేరే కుర్రాళ్లు కూడా ఇక్కడే జారుతారు.

జలుబు చేసినప్పుడు ఇంట్లో ఏం చేస్తారు? వేడినీళ్లలో నీలగిరి తైలం రెండు చుక్కలు వేసి దుప్పటి కప్పుకుంటారు. ఆ తైలం మరిగేది 176 డిగ్రీల దగ్గర. నీ లాజిక్ ప్రకారం గిన్నెలోనే కూర్చోవాలి. కానీ తైలం పడీ పడగానే ఘాటు ముక్కు పుటాలు తెరిపిస్తుంది. ఎందుకంటే దానికి నీళ్లంటే పడదు. నీళ్లలో ఉండలేక, దొరికిన ఆవిరి పట్టుకుని బయటికి వచ్చేస్తుంది. అరటిపండు వాసనదీ అదే గుణం. విడిగా సీసాలో ఉంటే 142 వరకు ఆగుతుందేమో, బీరులాంటి నీళ్లలో మాత్రం ఆల్కహాల్ కంటే ముందే జారుకుంటుంది. ఆల్కహాల్‌కి నీళ్లతో స్నేహం ఎక్కువ, దాన్ని బయటికి లాగడమే కష్టం. చివరి చుక్క ఆల్కహాల్ పోయేసరికి పళ్ల వాసన పోయి చాలాసేపవుతుంది.

ఇంకోటి, ఫ్యాక్టరీలో 80 డిగ్రీలు పెట్టరు. పీడనం పదో వంతుకి దించితే నీళ్లే 46 డిగ్రీలకి మరుగుతాయి, బీరు ఇంకాస్త ముందే. కాబట్టి 45 లోపే పని అయిపోతుంది, ఉడుకు వాసన రాదు. పొట్టి డబ్బాలో మీకు ఉడుకు తగలకపోవడానికి కారణం అదే. వాక్యూమ్ ఉడుకు నుంచి కాపాడుతుంది కానీ వాసన పోకుండా ఆపలేదు.

గోదారి_కుర్రాడు

నేను ఒప్పుకోను, చేసి చూస్తా. ఆదివారం కలుస్తా.

నాసిక్_అనూరాధ

నేను వైనరీ ల్యాబులో చేస్తాను. వైన్‌లో ఈ నొప్పి ఇంకా పెద్దది. బీరులో తీయాల్సింది 5 శాతం, మాకు 13. పైగా వైన్‌కి ‘మధ్యలో ఆపేసే’ దారి లేదు. ఆపేస్తే అది ద్రాక్షరసమే. తీసెయ్యడం ఒక్కటే గతి. జర్మనీలో రూడెస్‌హైమ్ దగ్గర కార్ల్ యుంగ్ కుటుంబం 1900ల మొదట్లోనే వాక్యూమ్‌తో ఇది మొదలెట్టింది, అంటే సమస్యకి వందేళ్లు దాటాయి.

వాసన పోతుందని తెలుసు కాబట్టి ముందే దాన్ని పట్టి దాచే యంత్రం ఉంది, స్పిన్నింగ్ కోన్ అంటారు. నిలువు గొట్టంలో గరాటులు ఒకదాని మీద ఒకటి, ఒకటి తిరుగుతుంది, ఒకటి కదలదు. వైన్ పలచటి పొరలా జారుతుంది, కింద నుంచి ఆవిరి ఎదురొస్తుంది. మొదటి విడతలో 30 డిగ్రీల లోపే వాసనని తీసి పక్కన పెడతారు, మొత్తంలో సుమారు ఒక శాతం. రెండో విడతలో కాస్త ఎక్కువ వేడితో ఆల్కహాల్ తీస్తారు. తర్వాత దాచిన వాసన తిరిగి కలుపుతారు. వినడానికి బాగుంది కదా? ఇప్పుడు లెక్క చూడండి.

వెయ్యి లీటర్ల వైన్, 13 శాతం, అంటే 130 లీటర్ల ఆల్కహాల్. బయటికి వచ్చేది ఒట్టి ఆల్కహాల్ కాదు, నీళ్లు కూడా వస్తాయి. సగానికి సగం అనుకుంటే 260 లీటర్లు పోయి 740 మిగులుతాయి. పులుపు మాత్రం ఎక్కడికీ పోదు. లీటరుకి 6 గ్రాములున్న యాసిడ్ 8 దాటుతుంది. రెడ్ వైన్ అయితే వగరు కూడా అలాగే చిక్కబడుతుంది. ఆల్కహాల్ ఇచ్చే తీపి, నిండుదనం లేవు కాబట్టి ఆ పులుపు ఇంకా గుచ్చుతుంది. అందుకే దాదాపు అందరూ చిక్కబరిచిన ద్రాక్షరసంతో, పంచదారతో సర్దుతారు.

ఇక దాచిన వాసన. ఆ 10 లీటర్లలో సగం ఆల్కహాలే అనుకోండి, 5 లీటర్లు. 740లో తిరిగి పోస్తే 0.67 శాతం అవుతుంది. ఆల్కహాల్ లేనిదని రాయాలంటే చట్టం గీత అరశాతం దగ్గర ఉంది! అంటే పట్టుకున్న వాసనని కూడా పూర్తిగా వెనక్కి పోయలేం. పక్కన క్యాన్‌లో అద్భుతమైన వాసన ఉంటుంది, చట్టం దాటి లోపలికి రాదు.

రమణ_కాకినాడ

మరి బీరులో కూడా ఇలాగే వాసన తిరిగి కలపొచ్చు కదా?

మ్యూనిక్_మురళి

కలుపుతారు. ఇంకా చవకైన ఉపాయం కూడా ఉంది. వాక్యూమ్‌లోంచి వచ్చిన ఖాళీ బీరుని 0.05 లోపలికి దించి, అందులో మామూలు 5 శాతం బీరు మొత్తంలో నూటికి 8 పాళ్లు ఉండేలా కలిపితే ఆల్కహాల్ 0.45 దగ్గర ఆగుతుంది. ఆ ఎనిమిది పాళ్లతోనే కొంత ప్రాణం వచ్చేస్తుంది. జర్మనీలో అరశాతం వరకు ఆల్కహాల్ లేనిదని రాసుకోవచ్చు, కాబట్టి ఇక్కడ కుదురుతుంది. 0.0 అని రాస్తే ఆ జాగా ఉండదు. రుచి విషయంలో 0.5కీ 0.0కీ తేడా ఆ చిన్న అంకె కంటే చాలా పెద్దది.

రమణ గారూ, మీకు లివర్ గొడవ ఉంది కాబట్టి ఇది చదివి 0.5 కొనేయకండి, మీ డాక్టర్‌ని అడగండి.

నాసిక్_అనూరాధ

వేడి లేకుండా మెంబ్రేన్‌తో చేస్తే వాసన బాగా మిగులుతుందని నా అనుభవం. ఇంట్లో వాటర్ ఫిల్టర్‌లో ఉండే ఆర్‌వో లాంటిదే, ఒత్తిడి చాలా ఎక్కువ. నీళ్లు, ఆల్కహాల్ దాటిపోతాయి, పెద్ద వాసన అణువులు చాలావరకు ఇవతల ఉండిపోతాయి.

మ్యూనిక్_మురళి

ఇక్కడ మీతో నేను పూర్తిగా ఏకీభవించను మేడమ్. వైన్‌ని 13 నుంచి 11కి దించడానికి అది బంగారం. కానీ బీరుని సున్నాకి తేవాలంటే, పోయిన నీళ్ల బదులు గాలి తీసిన కొత్త నీళ్లు పోస్తూ కడుగుతూనే ఉండాలి. 5 నుంచి 0.5కి రావడానికి బీరుకి రెండు రెట్లకి పైగా నీళ్లు పడతాయి. 0.5 నుంచి 0.05కి మళ్లీ అన్నే. అంత కడిగాక ఇవతల ఉండాల్సిన వాసన కూడా కొంచెం కొంచెంగా జారుతుంది. మా దగ్గర రెండూ పక్కపక్కన పెట్టి రుచి చూశాం, ఓట్లు సగం సగం వచ్చాయి.

నాసిక్_అనూరాధ

మీ బీరు, మీ మెంబ్రేన్. మా వైట్ వైన్‌లో నా ఓటు మారదు.

గోదారి_కుర్రాడు

ఆదివారం అయింది. సిగ్గుపడకుండా చెబుతాను.

5 శాతం సీసా, 650 మి.లీ. ముందు గ్యాస్ పోయేదాకా రెండు గిన్నెల మధ్య తిరగపోశాను, నీళ్లతో పోలిస్తే ఎంత బరువో కొలిచే హైడ్రోమీటర్ 1.008 చూపించింది. తర్వాత థర్మామీటర్ పెట్టి సరిగ్గా 80 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాను. మరగనే లేదు! మట్టం కూడా పెద్దగా తగ్గలేదు. సరేనని మంట పెంచితే 95 దాటాకే బుడగలొచ్చాయి. ఒకసారి పొంగి స్టవ్ అంతా జిగట, అమ్మ ఇంకా మాట్లాడటం లేదు. 500 మి.లీ. మిగిలాక దించి, చల్లార్చి, నీళ్లతో మళ్లీ 650కి తెచ్చాను. ఇప్పుడు హైడ్రోమీటర్ 1.015.

అరటిపండు వాసన మొదటి ఐదు నిమిషాల్లో వంటింట్లో ఘుమఘుమలాడింది. తర్వాత గిన్నెలోనూ లేదు, వంటింట్లోనూ లేదు. మిగిలింది బార్లీ కషాయం.

మ్యూనిక్_మురళి

శభాష్. నీ 78 డిగ్రీలు ఒట్టి ఆల్కహాల్‌కే. 5 శాతం బీరు 95, 96 దగ్గర మరుగుతుంది. నాలుగో వంతు ఆవిరైతే గానీ ఆల్కహాల్ పదో వంతుకి రాదు, నీ 500 మి.లీ. అక్కడికే వచ్చింది. ఆల్కహాల్ నీళ్లకంటే తేలిక కాబట్టి అది పోతే అంకె పెరుగుతుంది. 7 పాయింట్లు, అంటే 0.007 పెరిగిందంటే దాదాపు 5 శాతమూ పోయినట్టు. కానీ ఇంటి హైడ్రోమీటర్‌లో ఒక పాయింటు అటూ ఇటూ మామూలే, ఆ ఒక్క పాయింటే 0.7 శాతం. కాబట్టి దీన్ని ఆల్కహాల్ లేనిదని ఎవరికీ ఇవ్వకు.

పాలకొల్లు_రాజు

ఇంతసేపు వాసన గురించే మాట్లాడారు. రమణ గారు ‘మధ్యలో ఏమీ లేదు’ అన్నది వాసన గురించేనా, లేక ఆల్కహాలే లేకపోవడం వల్లా? నాకు డాక్టర్ అడ్డు లేదు కాబట్టి పరీక్ష పెట్టాను. అవే రెండు డబ్బాలు తెచ్చి, ఒక్కోదాంట్లో 150 మి.లీ. గ్లాసుకి 20 మి.లీ. వోడ్కా కలిపాను. మన వోడ్కా 42.8 శాతం కాబట్టి గ్లాసు సరిగ్గా 5 శాతం అవుతుంది. పక్కన అంతే నీళ్లు కలిపిన గ్లాసులు పెట్టుకున్నాను.

పొట్టి డబ్బాలో నిండుదనం తిరిగొచ్చింది. నోట్లో బరువు, గొంతులో వెచ్చదనం, చివర కాస్త తీపి. కానీ వాసన రాలేదు. కళ్లు మూసుకుని మూతి దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ సోడానే. పొడుగు డబ్బాలో వింత జరిగింది. హార్లిక్స్ వాసన తగ్గింది! ఏమీ తీయలేదు, కలిపానంతే.

మ్యూనిక్_మురళి

వింత కాదు రాజు గారూ. ఆల్డిహైడ్లు ఆల్కహాల్‌లో హాయిగా కరుగుతాయి. ఆల్కహాల్ ఉంటే గ్లాసులోనే కూర్చుంటాయి, లేకపోతే ముక్కు మీదికి వస్తాయి. అంటే పొడుగు డబ్బాకి రెండు దెబ్బలు. ఈస్ట్ శుభ్రం చేయలేదు, ఉన్నదాన్ని పట్టి ఉంచే ఆల్కహాలూ లేదు. మామూలు బీరులో అంతే ఆల్డిహైడ్ ఉన్నా మీకు అంత తెలియదు.

ఆ నిండుదనం మాత్రం మాకూ తలనొప్పే. గ్లిజరాల్ వేస్తారు, మాల్ట్‌ని ఎక్కువ వేడిలో నానబెట్టి ఈస్ట్ తినలేని పిండి పదార్థం మిగులుస్తారు. బరువు వస్తుంది, వెచ్చదనం రాదు. గొంతులో ఆ వెచ్చదనానికి బదులు అల్లం, మిరియం వేసి చూసినవాళ్లు ఉన్నారు. నాకు నచ్చలేదు.

తాటివనం

శొంఠి వేయమనండి.

రమణ_కాకినాడ

వోడ్కా నాకు కుదరదు కాబట్టి వేరే పని చేశాను. రెండు డబ్బాలూ సగం సగం కలిపాను. తీపి సగానికి తగ్గింది, ఖాళీ కూడా కాస్త నిండింది. హార్లిక్స్ మాత్రం ఉంది. ఫ్రీజర్‌లో ఇరవై నిమిషాలు పెట్టి, అంచులకి మంచు పట్టాక తాగితే అదీ చాలావరకు అణిగింది. గ్లాసు చివరికి వచ్చి వెచ్చబడేసరికి మళ్లీ లేచింది. అందుకని చిన్న గ్లాసులో కొంచెం కొంచెం పోసుకుంటున్నాను.

గోదారి_కుర్రాడు

అన్నా, ఏ పాళ్లలో కలిపితే బాగుందో రాయండి. ఈసారి స్టవ్ జోలికి పోను.

రమణ_కాకినాడ

పొట్టి రెండు, పొడుగు ఒకటి. నిమ్మకాయ ముక్క వేస్తే ఇంకా నయం.